42 దగ్గర ఆగిన వరుస

ఇథీరియంలో ప్రతి ఖాతాకూ ఒక లెక్క ఉంటుంది. ఆ ఖాతా నుంచి ఇప్పటిదాకా ఎన్ని లావాదేవీలు బ్లాకుల్లోకి ఎక్కాయో చెప్పే సంఖ్య అది. దాని పేరు నాన్స్. కొత్త ఖాతా మొదటి లావాదేవీకి 0, రెండోదానికి 1, ఆ తర్వాత 2. ఈ వరుస తప్పడానికి వీల్లేదు. 42 సంఖ్య వేసిన లావాదేవీ ఎక్కనిదే 43 ఎక్కదు. వాలెట్‌లో గంటల తరబడి Pending అని కనిపిస్తూ కదలని లావాదేవీల వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే: వరుసలో ముందున్నది ఆగిపోయింది, లేదా ముందుండవలసింది అసలు లేనేలేదు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ విరుగుడు వేరు. బిట్‌కాయిన్ మైనింగ్‌లోనూ నాన్స్ అనే మాట వినిపిస్తుంది. అది వేరే సంగతి, దీనికీ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

నాన్స్‌ను చెక్కు నంబరుతో పోల్చవచ్చు. సంతకం చేసిన చెక్కును ఎవరైనా నకలు తీసి మళ్లీ బ్యాంకులో వేస్తే, ఆ నంబరు చెక్కు ఇదివరకే చెల్లిపోయిందని బ్యాంకు తిప్పి పంపుతుంది. ఇథీరియంలో నాన్స్ చేసే మొదటి పని అదే. సంతకమైన లావాదేవీ నెట్‌వర్క్‌లో అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా దాచుకోవచ్చు. అయినా ఒక నంబరు ఒక్కసారే చెల్లుతుంది కాబట్టి అదే చెల్లింపు రెండోసారి జరగదు. పోలిక అక్కడితో సరి. బ్యాంకు 43వ చెక్కును 42వ దానికంటే ముందు చెల్లించడానికి వెనకాడదు. ఇథీరియం మాత్రం ససేమిరా అంటుంది.

రెండో సంగతి ధర. బ్లాకులో చోటు ఊరికే రాదు. ప్రతి పనికీ ఇంత గ్యాస్ అని లెక్క ఉంటుంది. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు ఈథర్ పంపే మామూలు బదిలీకి అది 21,000 యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు ఎంత ఇస్తారన్నది గ్వేలలో చెబుతారు. ఒక గ్వే అంటే ఈథర్‌లో వంద కోట్లో వంతు. 2021 ఆగస్టు 5న వచ్చిన లండన్ అప్‌గ్రేడ్ నుంచి ఈ ధర రెండు ముక్కలైంది. మొదటిది బేస్ ఫీ. దాన్ని నెట్‌వర్కే నిర్ణయిస్తుంది, అది ఎవరి జేబులోకీ పోదు, కాలిపోతుంది. రెండోది ప్రయారిటీ ఫీ, అంటే బ్లాకును కూర్చేవారికి ఇచ్చే టిప్పు. వీటికి పైన పంపేవారు ఒక గరిష్ఠ హద్దు రాస్తారు, అది మ్యాక్స్ ఫీ. యూనిట్‌కు ఇంతకు మించి ఇవ్వనని చెప్పడమన్నమాట. బేస్ ఫీ ఆ హద్దును దాటిపోతే లావాదేవీ ఆ బ్లాకులోకి ఎక్కడం అసాధ్యం. కూర్చేవారు దయతలచి ఎక్కించుకుందామన్నా నియమం ఒప్పుకోదు.

బేస్ ఫీ ఎంత వేగంగా మారుతుందో చూస్తే గానీ లావాదేవీలు ఎందుకు ఇరుక్కుంటాయో అర్థం కాదు. 12 సెకన్లకొక బ్లాకు. బ్లాకు పూర్తిగా నిండితే తర్వాతి బ్లాకుకు బేస్ ఫీ 12.5 శాతం పెరుగుతుంది, ఖాళీగా పోతే అంతే తగ్గుతుంది. ఉదాహరణకు బేస్ ఫీ 8 గ్వేల దగ్గర ఉందనుకుందాం. వరసగా ఐదు నిండు బ్లాకులు వస్తే అది 9, 10.1, 11.4, 12.8 మీదుగా 14.4 గ్వేలకు చేరుతుంది. పట్టిన సమయం ఒక్క నిమిషం. ఫోన్‌లో మొత్తం సరిచూసుకుని, ఎవరో పిలిస్తే పలికి, తిరిగొచ్చి సంతకం నొక్కేలోపు ధర దాదాపు రెట్టింపయిందన్నమాట. 2022 ఏప్రిల్ చివర్లో అదర్‌సైడ్ అనే వర్చువల్ భూముల అమ్మకం జరిగినప్పుడు బేస్ ఫీ వేల గ్వేలు పలికింది. ఈమధ్య ఒక గ్వే కూడా లేని రోజులూ ఉన్నాయి. సంఖ్య పెద్దదా చిన్నదా అన్నది కాదు ఇక్కడ చిక్కు. రాసిన హద్దుకు పైన ఎంత ఖాళీ వదిలారన్నదే.

ఇప్పుడు ఒక ఖాతాను దగ్గరగా చూద్దాం. ఒక చిన్న సంస్థ ముగ్గురికి ఈథర్ చెల్లించాలి. ఖాతాలో ఇదివరకు 0 నుంచి 41 దాకా లావాదేవీలు జరిగాయి, కాబట్టి రాబోయే నంబరు 42. బేస్ ఫీ 8 గ్వేలు చూపిస్తుంటే, ఖర్చు తగ్గుతుందని మ్యాక్స్ ఫీ 9, ప్రయారిటీ ఫీ 1 అని చేత్తో మార్చి మొదటి చెల్లింపు పంపారు. అది నొక్కేసరికి పైన చెప్పిన నిమిషం మొదలైంది. బేస్ ఫీ 14 దాటింది, 42 ఆగిపోయింది. అది గమనించక మిగతా రెండూ పంపారు. వాలెట్ వాటికి 43, 44 నంబర్లు వేసింది. ఈసారి ధర వాలెట్టే చూసుకుంది కాబట్టి రెండిటికీ మ్యాక్స్ ఫీ 30 గ్వేలు పడింది. ధర సరిపోయినా 43, 44 కూడా కదల్లేదు. సంస్థవారికి తెరమీద మూడు Pending లు కనిపిస్తున్నాయి, చివరిది బాగా తొందరది. సహజంగా చెయ్యి పోయేది ఆ చివరిదాని పక్కనున్న Speed up మీదికే. దానికి వంద గ్వేలు పెట్టినా ప్రయోజనం సున్నా. బిట్‌కాయిన్‌లో పిల్ల లావాదేవీకి ఎక్కువ రుసుము పెట్టి ఇరుక్కున్న తల్లిని బయటికి లాగే పద్ధతి ఒకటుంది. ఇక్కడ అది పనిచేయదు. 42 హద్దు బేస్ ఫీ కంటే కింద ఉన్నంతసేపూ వెనక ఎంత డబ్బున్నా ముందుకు తోయలేదు.

ముందుగా తేల్చుకోవలసింది, ఆగిన చోటు ఎక్కడ అని. ఖాతా చిరునామాను ఈథర్‌స్కాన్‌లో వెతికితే ఆ ఖాతా పంపగా బ్లాకుకెక్కిన చివరి లావాదేవీ కనిపిస్తుంది. దాని వివరాల్లో నాన్స్ 41 అని ఉంటే, నెట్‌వర్క్ ఎదురుచూస్తున్నది 42 కోసం. ప్రోగ్రాములతో పనిచేసేవారు అదే ప్రశ్నను నోడ్‌ను నేరుగా అడుగుతారు.

```
{"jsonrpc":"2.0","id":1,"method":"eth_getTransactionCount",
 "params":["0xఖాతా_చిరునామా","latest"]}
```

జవాబు పదహారు ఆధారపు సంఖ్యల్లో వస్తుంది. `0x2a` అంటే 42. ఇదే ప్రశ్నలో `latest` తీసేసి `pending` అని పెట్టి మరోసారి అడగాలి. అప్పుడు నోడ్ తన దగ్గర వరుసగా వేచి ఉన్న లావాదేవీలను కూడా కలిపి చెబుతుంది. అసలు నిదానమంతా ఈ రెండు జవాబుల తేడాలోనే ఉంది. మొదటిది 42, రెండోది `0x2d`, అంటే 45 అయితే 42, 43, 44 మూడూ వరుసగా నోడ్ దగ్గరే ఉన్నాయి, తలుపు దగ్గర నిలబడ్డ 42కే ధర చాలలేదు. అలా కాక 43, 44 పంపామని ఖాయంగా తెలిసి కూడా రెండు జవాబులూ 42 అనే వస్తే, ఆ నోడ్ దగ్గర 42 లేదు. అది ఖాళీ, అంటే నాన్స్ గ్యాప్.

ధర చాలని మొదటి రకానికి మందు, అదే నంబరుతో మరో లావాదేవీ పంపడం. మెటామాస్క్ వంటి వాలెట్లలో Speed up అన్నా Cancel అన్నా జరిగేది ఇదే. Speed up అదే చెల్లింపును ఎక్కువ ధరతో మళ్లీ సంతకం చేయిస్తుంది. Cancel అదే నంబరు మీద తన ఖాతాకు తానే 0 ఈథర్ పంపుకునే లావాదేవీని తయారుచేస్తుంది. రద్దు అన్న మాట ఇక్కడ కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. ఇథీరియంలో పంపినదాన్ని వెనక్కి తీసుకునే ఆజ్ఞ అంటూ లేదు. ఉన్నది ఒక్కటే, ఆ నంబరు కుర్చీలో ముందుగా మరొకరిని కూర్చోబెట్టడం. అందుకే రద్దుకూ రుసుము పడుతుంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. కొత్త లావాదేవీ రెండు గేట్లు దాటాలి. మొదటిది నోడ్ గేటు. ఎక్కువమంది వాడే గెత్ అనే నోడ్ సాఫ్ట్‌వేర్, పాతదాని స్థానంలో కొత్తదాన్ని తీసుకోవాలంటే మ్యాక్స్ ఫీ, ప్రయారిటీ ఫీ రెండూ విడివిడిగా కనీసం 10 శాతం పెరగాలని అడుగుతుంది. మన ఉదాహరణలో మ్యాక్స్ ఫీ 9 నుంచి 9.9కి, ప్రయారిటీ ఫీ 1 నుంచి 1.1కి చేరాలి. మ్యాక్స్ ఫీని ఏకంగా 30కి పెంచేసి ప్రయారిటీ ఫీని 1 దగ్గరే వదిలేస్తే `replacement transaction underpriced` అన్న సందేశం వస్తుంది. అంత పెంచినా తక్కువంటుందేమిటని పంపినవారు తల పట్టుకుంటారు. నోడ్ రెండో అంకెను చూసి ఆ మాట అంటోందని తట్టదు. రెండో గేటు బ్లాకుది. 9.9, 1.1 పెడితే నోడ్ ఒప్పుకుంటుంది గానీ బేస్ ఫీ 14.4 దగ్గర ఉన్నప్పుడు బ్లాకు ఒప్పుకోదు. అంటే పాత ఇరుకు స్థానంలో కొత్త ఇరుకు. పైగా ఆ తర్వాత మళ్లీ మార్చాలంటే మళ్లీ 10 శాతం ఎక్కాలి.

కాబట్టి 42ను మ్యాక్స్ ఫీ 30, ప్రయారిటీ ఫీ 2తో మళ్లీ పంపారనుకుందాం. అది ఎక్కే సమయానికి బేస్ ఫీ 15 ఉంటే యూనిట్‌కు పడేది 17 గ్వేలే, 30 కాదు. 21,000ను 17తో గుణిస్తే 3,57,000 గ్వేలు, అంటే 0.000357 ఈథర్. హద్దుకూ అసలు ధరకూ మధ్య తేడా ఎవరూ తీసుకోరు. హద్దు పెంచడానికి జంకనక్కర్లేదు. ఒక్క షరతు మాత్రం ఉంది: పంపే మొత్తంతో పాటు ఆ గరిష్ఠ హద్దు ప్రకారం పడే రుసుము, ఇక్కడ 0.00063 ఈథర్, ఖాతాలో ఉండాలి. లేకపోతే `insufficient funds` అంటూ నోడ్ అక్కడే తిప్పి పంపుతుంది. ఖాతాలో ఉన్నదంతా ఊడ్చి పంపినవారికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. వారు ముందు మరోచోటి నుంచి ఆ ఖాతాలోకి కొంచెం ఈథర్ తెచ్చుకోవాలి. ఖాతాలోకి రావడానికి ఆ ఖాతా నాన్స్‌తో పనిలేదు కాబట్టి అది ఆగదు.

42 ఎక్కగానే 43, 44 వాటంతటవే కదులుతాయి. ఒకే బ్లాకులో మూడూ ఎక్కినా ఆశ్చర్యం లేదు. మార్చి పంపేలోపే పాత 42 ఎక్కిపోతే `nonce too low` అని వస్తుంది. అది కంగారు పడవలసిన సందేశం కాదు, పని ఇదివరకే అయిపోయిందని అర్థం. పాతదీ కొత్తదీ రెండూ ఎక్కే ప్రమాదం మాత్రం ఎన్నడూ లేదు, నంబరు ఒక్కటే కనుక. తొందర లేకపోతే ఏమీ చేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. రాత్రికో మర్నాటికో బేస్ ఫీ 8కి దిగితే 42 దానంతట అదే ఎక్కుతుంది. వేచి ఉన్నందుకు రుసుమేమీ లేదు.

రెండో రకం, నాన్స్ గ్యాప్. ఇది సాధారణంగా మనుషుల చేతుల్లో కంటే ప్రోగ్రాముల చేతుల్లో పుడుతుంది. చెల్లింపులు పంపే ఒక స్క్రిప్టు తన లెక్క తానే రాసుకుంటుందనుకుందాం. 42 వేసి నోడ్‌కు పంపి, జవాబు చూడకుండానే తన లెక్కను 43కి మార్చుకుంది. ఆ క్షణంలో నిల్వ చాలక నోడ్ 42ను తిప్పికొట్టింది. తర్వాత ఖాతాలో డబ్బు పడింది, స్క్రిప్టు 43, 44 పంపింది. నోడ్ వాటిని తీసుకుంది కానీ వేరే అరలో పెట్టింది. గెత్‌లో ఎక్కడానికి సిద్ధంగా ఉన్నవాటి అర పేరు pending, ముందు నంబరు కోసం ఎదురుచూసేవాటి అర పేరు queued. మామూలు అమరికలో రెండో అరలో ఒక ఖాతాకు 64 చోట్లే, అదీ మూడు గంటల పాటే. వాలెట్ తెరమీద మాత్రం అన్నీ Pending గానే కనిపిస్తాయి. ఒకే ఖాతాను రెండు చోట్ల నుంచి వాడినా, వాలెట్‌లో నంబరు చేత్తో రాస్తూ 42కు బదులు 52 అని కొట్టినా ఇదే పరిస్థితి. ఇంకొక దారి కూడా ఉంది. రద్దీలో నోడ్ల దగ్గర చోటు నిండినప్పుడు అన్నిటికన్నా చవకవాటిని బయటికి నెడతాయి. తొమ్మిది గ్వేల 42 అలా పోతే, మొదటి రకం జబ్బు కాస్తా రెండో రకంలోకి మారుతుంది.

ఖాళీని పూడ్చడం చూడ్డానికి తేలిక. 42 నంబరుతో, అప్పటి బేస్ ఫీకి సరిపడే ధరతో ఏదో ఒకటి పంపితే చాలు. అది మొదట పంపాలనుకున్న చెల్లింపే కావచ్చు, తనకు తాను పంపుకునే 0 ఈథర్ కావచ్చు. మెటామాస్క్‌లో నాన్స్‌ను చేత్తో రాసుకునే వీలుంది. పదిహేను సెకన్ల పని. కానీ దానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: వెనక నిద్రపోతున్న 43, 44 ఇప్పుడు లేస్తే ఫరవాలేదా?

ఎందుకంటే ఈలోపు లోకం ఆగి ఉండదు. 43లోని చెల్లింపు ఎంతకీ కదలకపోవడంతో సంస్థవారు అదే మనిషికి మరో ఖాతా నుంచి పంపేసి ఉండవచ్చు. ఇప్పుడు 42 పూడితే పాత 43 కూడా ఎక్కి రెండుసార్లు చెల్లిస్తుంది. నంబరు కాపాడేది ఒకే ఖాతాలోని ఒకే సంతకాన్ని, మరో ఖాతా సంగతి దానికి తెలియదు. 44 ఒక టోకెన్ మార్పిడి అయితే, నిన్నటి ధర మీద ఇచ్చిన ఆ ఆర్డరు ఇవాళ కాంట్రాక్టు దగ్గర విఫలం కావచ్చు. విఫలమైనా గ్యాస్ ఖర్చవుతుంది, నంబరూ ఖర్చవుతుంది. అలా విఫలమైన లావాదేవీ ఆగిపోయినట్టు కాదు, బ్లాకుకు ఎక్కి ఓడిపోయినట్టు. అందుకని అక్కర్లేనివాటిని ముందుగా వాటి నంబర్ల మీదే 0 ఈథర్ లావాదేవీలతో మార్చేయాలి, 10 శాతం నియమం పాటిస్తూ. ఆ తర్వాతే 42 పంపాలి. తలుపు తీసే ముందు లోపలున్నదేమిటో సరిచూసుకోవడం లాంటిది ఇది. ఈ క్రమం తిరగేస్తే 42 ఎక్కిన 12 సెకన్లలోనే 43 ఎక్కేస్తుంది, ఆపే సమయం దొరకదు.

నోడ్ మరిచిపోయింది కదా అని లావాదేవీ చచ్చిపోయిందనుకోవడం ఇంకొక పొరపాటు. మూడు గంటల గడువు ఒక నోడ్ తన జ్ఞాపకానికి పెట్టుకున్న హద్దే తప్ప సంతకానికి గడువు కాదు. ఆ సంతకమైన నకలు వాలెట్‌లోనో మరో నోడ్‌లోనో ఉంటే, ఎప్పుడైనా మళ్లీ నెట్‌వర్క్‌లోకి రావచ్చు. ఈథర్‌స్కాన్‌లో కనిపించకుండా పోయిన 43ను వదిలేసి, వారం తర్వాత అదే ఖాతాలో 42 పూర్తయితే, పాత 43 ఎక్కడి నుంచో తేలి ఎక్కే అవకాశం ఉంటుంది. ఆ నంబరు మీద ఇంకేదైనా బ్లాకుకు ఎక్కాకే పాతదానికి నిజంగా కాలం చెల్లుతుంది. దీనికి ఎదురు పరిస్థితి కూడా జరుగుతుంది. నోడ్లన్నీ 43ను మరిచిపోయి, వాలెట్ మాత్రం Pending అని చూపిస్తూ ఉంటుంది. అప్పుడు 42 పూడ్చినా 43 కదలదు, దాన్ని మళ్లీ పంపాలి.

బిట్‌కాయిన్‌లో ఖాతా వరుస సంఖ్యలు లేవు కాబట్టి నాన్స్ గ్యాప్ అనేదే అక్కడ పుట్టదు, ధర చాలని చిక్కు మాత్రమే ఉంటుంది. ఇథీరియం పద్ధతినే పాటించే పాలిగాన్ వంటి ఇతర చైన్లలో నంబరు ఏ చైనుకు ఆ చైనే. ఒకే చిరునామా ఇథీరియంలో 42 దగ్గర, పాలిగాన్‌లో 7 దగ్గర ఉండవచ్చు. తప్పు చైను చూసి తప్పు నంబరు పూడ్చినవారూ ఉంటారు. ఇక ఎక్స్ఛేంజీ నుంచి డబ్బు తీస్తే అది ఆగిపోయినప్పుడు వాడుకదారు చేయగలిగిందేమీ లేదు. పంపిన ఖాతా ఎక్స్ఛేంజీది, దాని నాన్స్, దాని సంతకం వారి చేతుల్లోనే ఉంటాయి. ఇరుక్కున్న లావాదేవీని విడిపిస్తామంటూ పన్నెండు మాటల రహస్య పదబంధం అడిగేవారు విడిపించేది ఖాతాలోని డబ్బునే. పైన చెప్పిన పనుల్లో ఒక్కదానికీ ఆ పదబంధం మరొకరికి చెప్పే అవసరం రాదు.

మెటామాస్క్ అమరికల్లో లావాదేవీల జాబితాను చెరిపే మీట ఒకటుంది. లావాదేవీ ఇరుక్కుంటే దాన్ని నొక్కమని చాలాచోట్ల సలహా వినిపిస్తుంది. అది చెరిపేది వాలెట్ సొంత జ్ఞాపకాన్నే. నెట్‌వర్క్‌లో ఉన్న 42ను అది ముట్టుకోదు. నోడ్లు మరిచిపోయినదాన్ని వాలెట్ మాత్రం పట్టుకు వేలాడుతున్నప్పుడు కొంత పనికొస్తుంది. అది నిక్కచ్చిగా సరైన మందు అయ్యే చోటు ఒకటుంది. ప్రోగ్రామర్లు తమ కంప్యూటర్లో హార్డ్‌హ్యాట్ వంటి సాధనంతో సొంత పరీక్షా చైను నడుపుకుంటారు. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే చైను 0 నుంచి మొదలవుతుంది, వాలెట్‌కు మాత్రం 42 గుర్తుంటుంది. మొదటి లావాదేవీ పంపగానే `Nonce too high. Expected nonce to be 0 but got 42` అన్న ఫిర్యాదు వస్తుంది. అక్కడ నలభై రెండు ఖాళీలు పూడ్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఆ మీట ఒక్కసారి నొక్కితే వాలెట్ మళ్లీ 0 నుంచి లెక్క మొదలుపెడుతుంది.